తిరగేసిన పెళ్ళి: అమ్మమ్మ పట్టుకున్న ఆరు షాట్లు

హైదరాబాద్ కృష్ణానగర్‌లో పాత టేపులను డిజిటల్‌లోకి ఎక్కించడం, చిన్న సినిమాలకు ఫినిషింగ్ చేయడం నా పని. ఈ కేసు అలాంటి ఒక చిన్న తెలుగు సినిమాది. దాని ఎడిటర్ తన సొంత పిన్ని పెళ్ళి వీడియోలోంచి ఆరు షాట్లు తీసి, కథలో ముసలావిడకు కూతురి పెళ్ళి గుర్తొచ్చే చోట వాడుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సర్‌ప్రైజ్ అంటూ అమ్మమ్మను ప్రివ్యూకి తీసుకొచ్చాడు. ఆ పెళ్ళి ముక్క మొత్తం నలభై సెకన్లు ఉంటుందేమో. అది చూసి ఆవిడ అడిగిన ప్రశ్నలకు మేము ఎడిట్ ఖరారు చేసి లాక్ చేసిన రీలును మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

టేపు సంగతి ముందు చెప్పాలి. పెళ్ళి 1994 మే నెలలో, మధిర దగ్గర ఒక పల్లెలో జరిగింది. క్యాసెట్ ఇనప్పెట్టె అడుగున, ఏదో భక్తి సినిమా డబ్బాలో దొరికింది. అందులో ఎందుకుందంటే, ఆ పెళ్ళి కొన్నేళ్ళకే విడిపోయింది. పిన్ని పుట్టింటికొచ్చేశాక క్యాసెట్‌ను ఎవరో డబ్బా మార్చి పెట్టెలో పడేశారు. ఎవరూ అడగలేదు, ఎవరూ తీయలేదు. ఎడిటర్ కుర్రాడు దాన్ని నా దగ్గరకు తెచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పలేదు. "మా ఊరి పెళ్ళి అన్నా, ఆర్కైవ్ లాగా పనికొస్తుంది" అన్నాడంతే.

వీహెచ్ఎస్ క్యాసెట్ చేతికి రాగానే ముందు దాని కిటికీలోంచి చుట్టను చూస్తాను. దీని చుట్ట అంచు మీద తెల్లగా, పొడిపొడిగా బూజు కనిపించింది. బూజు పట్టిన టేపును మంచి మెషిన్‌లో పెట్టకూడదు. ఆ పొడి టేపును చదివే హెడ్ డ్రమ్ముకి అంటుకుంటే ఆ టేపు గీసుకుపోతుంది, తర్వాత పెట్టే వాళ్ళ టేపుకి కూడా బూజు పాకుతుంది. అందుకని ముందు మాస్కు పెట్టుకుని, గాలి ఆడే చోట టేపును ఆరబెట్టి తుడిచాను. పోయినా పర్వాలేదనుకునే పాత వీసీఆర్‌లో ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తెచ్చి, ఆ తర్వాతే అసలు మెషిన్‌లో పెట్టాను. అది ఎస్-వీహెచ్ఎస్ డెక్. వెలుగు, రంగు విడివిడిగా బయటికిస్తుంది. లోపల టైమ్ బేస్ కరెక్టర్ ఉంటుంది కాబట్టి బొమ్మ పైభాగం జెండాలా ఊగడం తగ్గుతుంది. కుదింపు లేకుండా 720×576లో క్యాప్చర్ చేసి, సెకనుకి 50 ఫీల్డులనూ, అంటే సగం గీతలే ఉండే బొమ్మలనూ, విడదీసి 50 పూర్తి ఫ్రేములుగా మార్చి ఇచ్చాను. క్యాసెట్ చివర కొన్ని నిమిషాల టేపు ముడతలు పడి ఉంది. అది పోయింది.

శబ్దం మాత్రం పనికిరాలేదు. అప్పట్లో పెళ్ళి వీడియో అంటే మిక్సింగ్ చేయించి ఇచ్చేవారు. పెళ్ళికూతురి మొహం గుండె బొమ్మలో వచ్చేది, వెనక సినిమా పాటలు మోగేవి. ఈ క్యాసెట్ కూడా అలా మిక్సింగ్ అయిన కాపీయే. అసలు పందిట్లో మోగిన సన్నాయి, డోలు ఒక పాట ఆగి ఇంకో పాట మొదలయ్యే మధ్యలో రెండు మూడు సెకన్లు వినిపించి మాయమవుతాయి. ఆ పాటలు సినిమాలో పెట్టాలంటే పాట హక్కులకూ రికార్డింగు హక్కులకూ విడిగా అనుమతి తెచ్చుకోవాలి. అంత డబ్బు వీళ్ళ దగ్గర లేదు. అందుకని ఆ ట్రాక్ మొత్తం తీసేసి, సన్నాయి మేళం కొత్తగా రికార్డు చేసి పెట్టారు.

ఇప్పుడు ఎడిట్ దగ్గరకొద్దాం. సినిమాలో ముసలావిడ పాత్ర కిటికీ పక్కన కూర్చుని తెర కుడివైపుకి చూస్తుంది. అక్కడ కట్ చేస్తే పెళ్ళి వస్తుంది. టేపులో పెళ్ళికూతురు తల వంచుకుని తనూ తెర కుడివైపుకే చూస్తోంది. ఇద్దరూ ఒకే వైపు చూసే షాట్లు పక్కపక్కన పెడితే, ఇద్దరూ కలిసి మూడో వస్తువును చూస్తున్నట్టు ఉంటుంది తప్ప తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నట్టు ఉండదు. చూపులు కలవాలంటే ఒకరు కుడికి, ఒకరు ఎడమకి చూడాలి. ఎడిటర్ అందరూ చేసేదే చేశాడు. పెళ్ళి షాట్‌కి `Horizontal Flip` వేశాడు. బొమ్మ అద్దంలోలా తిరగబడింది, పెళ్ళికూతురు ఎడమకి చూసింది, కట్ చక్కగా కలిసింది. ఒక్క షాటే తిప్పితే పందిరి గుంజ ఒకసారి అటు, ఒకసారి ఇటు కనిపిస్తుందని ఆరు షాట్లనూ తిప్పేశాడు.

ఇది మామూలుగా బయటపడిపోవాలి. టేపులో కింద కుడి మూల కెమెరా వేసిన తేదీ ఉంది. తిప్పితే ఆ అంకెలు తిరగబడి ఎడమ మూలకి వస్తాయి, ఎవరైనా పట్టేస్తారు. కానీ సినిమా బాగా వెడల్పైన స్కోప్ ఫ్రేములో ఉంది, డైరెక్టర్‌కి తెర నిండా బొమ్మ కావాలి. టేపులోని 4:3 బొమ్మను ఎత్తుకు 2.39 రెట్ల వెడల్పుకి నింపాలంటే పైనా కిందా కోసేయాలి. 576 గీతల్లో మిగిలేది సుమారు 320. ఆ కోతలో తేదీ పోయింది, దాంతో ఆధారమూ పోయింది. మిగిలిన ఆ 320 గీతలను రెండున్నర రెట్లకు పైగా సాగదీస్తే తెర మీద బొమ్మ పాలిపోయి, మెత్తగా అయిపోయింది. జ్ఞాపకం కదా, అలాగే బాగుందన్నారు. పాత ఫుటేజీని ఇలా కోయడం నాకు మొదటినుంచీ నచ్చదు. కానీ ఫ్రేము విషయంలో ఆఖరి మాట డైరెక్టర్‌ది.

ప్రివ్యూ ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న థియేటర్లో వేశారు. అమ్మమ్మకు డెబ్బై అయిదు పైనే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులని చివరి వరసలో కుర్చీ వేయించారు. నేను ఆవిడ ముందు వరసలో ఉన్నాను. సినిమా మొదలైన చాలాసేపటిదాకా ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. పెళ్ళి ముక్క మొదలవగానే "అది మన దొడ్డిగుమ్మం కదూ" అంది, పక్కనున్న మనవడితో. వాడు నవ్వాడు. తర్వాత రెండు షాట్లకు ఏమీ అనలేదు. పెద్దముత్తైదువలు అక్షింతలు వేసే షాట్ వచ్చేసరికి ముందుకి వంగింది.

"ఒరేయ్, అందరూ ఎడం చేత్తో వేస్తున్నారేంట్రా?"

వాడు "ష్, అమ్మమ్మా" అన్నాడు. ఆవిడ ఆగలేదు. తెర మీద పురోహితుడు వచ్చాడు, ఒంటి మీద చొక్కా లేదు, జంధ్యం స్పష్టంగా కనిపిస్తోంది.

"పంతులు గారి జంధ్యం అటేసుకున్నాడేం? పెళ్ళి చేయిస్తున్నాడా, తద్దినం పెట్టిస్తున్నాడా?"

థియేటర్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. శుభకార్యాల్లో జంధ్యం ఎడమ భుజం మీదుగా కుడి చంక కిందికి ఉంటుంది. కుడి భుజం మీదికి మార్చి, అపసవ్యంగా వేసుకునేది పితృకార్యాలకు. తెలిసినవాళ్ళకు అది కనబడితే పెళ్ళి షాట్ కాస్తా చావు ఇంటి షాట్ అయిపోతుంది. ఆ తర్వాతి షాట్ అగ్ని చుట్టూ ప్రదక్షిణ. హోమగుండం కుడి చేతి వైపు ఉండేలా తిరగాలి. తిప్పిన బొమ్మలో వధూవరులు గుండాన్ని ఎడమ చేతి వైపు పెట్టుకుని తిరుగుతున్నారు. ఆవిడ దాని గురించి పైకి ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

లైట్లు వేశాక మనవడు పక్కకొచ్చి "అమ్మమ్మకు నచ్చినట్టు లేదు" అన్నాడు. అప్పుడు అడిగాను, "ఆ షాట్లు తిప్పావా?" అని. "తిప్పాను, అయితే ఏమైంది, ఎవరికీ తెలీదుగా" అన్నాడు. మరునాడు అసలు క్యాప్చర్, ఎడిట్ పక్కపక్కన పెట్టి చూపించాను.

షాట్ తిప్పారో లేదో తేదీ లేకపోయినా కనిపెట్టే దారులున్నాయి. మనవాళ్ళ ఫుటేజీలో అన్నిటికన్నా నమ్మకమైనది చీర పైట. మనవైపు పైట ఎడమ భుజం మీదే వేస్తారు. ఒక గుంపులో ఆడవాళ్ళందరి పైటా కుడి భుజం మీద ఉందంటే ఇక అనుమానం అక్కర్లేదు. మగవాళ్ళ చొక్కా జేబు ఎడమ ఎదమీద ఉంటుంది, చేతి గడియారం ఎక్కువమందికి ఎడమ మణికట్టుకే ఉంటుంది. ఇవన్నీ మనుషుల మీద కనబడేవి. టేపుకు దాని సొంత గుర్తు కూడా ఉంది. వీహెచ్ఎస్‌లో రంగు సమాచారం వెలుగు కన్నా చాలా తక్కువ వివరంతో రికార్డవుతుంది, దాంతో ఎర్ర చీర అంచు దాటి రంగు కారుతుంది. ఆ కారడం సాధారణంగా కుడివైపుకే ఎక్కువ. ఈ టేపు అంతా అలాగే ఉంది. ఎడిట్‌లో మాత్రం పెళ్ళికూతురి ఎర్ర చీర రంగు ఎడమకి కారుతోంది. అది చూపించాక వాడు వాదించలేదు.

వాడు ఇబ్బంది పడింది ఆచారం గురించి కాదు. "ఆ షాట్లు సరిచేస్తే చూపులు కలవవు అన్నా, సీనే పోతుంది" అన్నాడు. అది నిజమే. ఫ్లిప్ తీసేస్తే ఇద్దరూ మళ్ళీ కుడికే చూస్తారు. ముసలావిడ షాట్‌ను తిప్పుదామా అంటే ఆవిడ కూడా చీరలోనే ఉంది. పైగా వెనక గోడ మీద తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. అది తిరగబడితే పసిపిల్లలకు కూడా తెలిసిపోతుంది.

ఇలాంటి చోట ఎడిటింగ్‌లో పాత దారి ఒకటుంది. దిశ మార్చాలనుకున్న రెండు షాట్ల మధ్య, అటూ ఇటూ కాకుండా నేరుగా కెమెరాకు ఎదురుగా ఉన్న షాట్ ఒకటి వేయాలి. దాన్ని దాటాక ప్రేక్షకుడి లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది. అప్పుడు ఎవరు ఎటు చూస్తున్నా తప్పుగా అనిపించదు. ఇక్కడ కావలసింది అలాంటి ఒక్క షాటే.

దాన్ని అమ్మమ్మే అందించింది, తనకు తెలియకుండానే. వీడియో వాడుకోవడానికి అనుమతి సంతకాల పని మీద వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు మనవణ్ణి అడిగింది: "మీ తాత ఉన్న ముక్క ఎందుకు పెట్టలేదురా? విస్తళ్ళు మోసుకొస్తూ లైటు కళ్ళల్లో పడి మొహం చిట్లించి నవ్వుతాడు, అది." ఇన్నేళ్ళలో ఆవిడ ఆ క్యాసెట్ మళ్ళీ చూడలేదు. వెనక్కి వచ్చి నేను రాసుకున్న లాగ్ తీశాను. వీహెచ్ఎస్‌లో టైమ్‌కోడ్ ఉండదు కాబట్టి క్యాప్చర్ ఫైలు లెక్కన షాట్ షాట్‌కీ ఒక వరస రాసి పెట్టుకుంటాను. 00:41:17 దగ్గర రాసి ఉంది: "పెద్దాయన, విస్తరాకులు, లెన్స్‌లోకి చూపు." పెళ్ళి వీడియోల్లో జనం లెన్స్‌లోకే చూస్తారు. అది చెడ్డ షాట్ అని మనవడు ముందే పక్కన పెట్టేశాడు.

ఆ షాట్ నిడివి నాలుగు సెకన్లు. కెమెరామన్ వెనక హాలోజన్ లైటు పట్టుకున్న కుర్రాడు దాన్ని సూటిగా ఆయన మొహం మీదికి తిప్పాడు. ఆయన చేతిలో విస్తళ్ళ కట్ట, భుజం మీద తువ్వాలు. ముందు కళ్ళు మూసుకుంటాడు, తర్వాత ఎవరో కెమెరా అని చెప్పినట్టున్నారు, ఒక కన్ను తెరిచి నవ్వుతాడు. ముసలావిడ కుడికి చూస్తుంది, కట్ చేస్తే ఆయన నేరుగా మనవైపు చూస్తాడు, కట్ చేస్తే పెళ్ళికూతురు తిప్పకుండా, తన పాటికి తను కుడికి చూస్తుంది. సీను నిలబడింది. ఇప్పుడు పెళ్ళికూతురు చూసేది తల్లిని కాదు, ఎవర్నీ కాదు. డైరెక్టర్‌కి అదే ఇంకా నచ్చింది.

కోత గొడవ కూడా ఆ షాట్‌తోనే తేలిపోయింది. తెర నిండా నింపితే పెద్దాయన నుదురు పోతుంది, లేకపోతే చేతిలో విస్తళ్ళు పోతాయి. ఏది పోయినా ఆ నవ్వు ఎందుకో అర్థం కాదు. దాంతో పెళ్ళి ముక్క మొత్తం అటూ ఇటూ నలుపు వదిలి 4:3లోనే ఉంచారు. 576 గీతలూ వాడుకున్నాం కాబట్టి ఒకటిన్నర రెట్లు సాగదీస్తే సరిపోయింది. మొహాలు మొహాల్లా కనిపించాయి. మూలన తేదీ అలాగే ఉండిపోయింది. కథలో పెళ్ళి కూడా ఆ కాలానిదే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. నేనిచ్చిన 50 ఫ్రేముల్లో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే టేపు సెకనుకి 25 ఫ్రేములు, సినిమా 24. ఫ్రేములను కలిపి సర్దితే దెయ్యాల నీడలు వస్తాయి. అందుకని 25ను 24 వేగంతో నడిపించాం. నాలుగు శాతం నెమ్మదిస్తుంది, కంటికి తెలియదు. శబ్దం ఎలాగూ కొత్తది కాబట్టి శ్రుతి పడిపోతుందన్న బాధ లేదు.

ఇక సంతకాలు. ఇవి ప్రివ్యూకి ముందే తీసుకోవాల్సినవి. "మా ఇంటి వీడియోనే కదా" అని కుర్రాడు వదిలేశాడు. భారత కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఒకరు తీయించుకున్న ఫొటోకు గానీ ఫిల్ముకు గానీ వేరే ఒప్పందం లేకపోతే తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారు. పెళ్ళి వీడియోకు డబ్బు కట్టింది తాతగారు. ఆయన వీలునామా రాయకుండా పోయారు, కాబట్టి హక్కు భార్యకు, ఇద్దరు కూతుళ్ళకు వచ్చింది. మనవడికి కాదు. వాళ్ళ అమ్మ వెంటనే సంతకం పెట్టింది. అమ్మమ్మ "చిన్నదాన్ని అడిగారా?" అంది. అంతవరకే అంది.

పిన్ని కూకట్‌పల్లిలో ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఆరు షాట్లూ చూసింది. "నా మొహం ఉంటే ఉండనీ, ఆయన మొహం వద్దు" అంది. ఆవిడ మాట కాదని ముందుకెళ్ళే ప్రశ్నే లేదు. హక్కుల సంగతి అలా ఉంచితే, పెళ్ళికొడుకు కూడా గుర్తుపట్టగలిగే మనిషే, ఆయన్ని ఎవరూ అడగలేదు. జూమ్ చేసి ఆయన్ని ఫ్రేములోంచి తప్పిద్దామంటే వీహెచ్ఎస్ అంత దూరం రాదు. మసక చేస్తే వార్తల్లో నిందితుడిలా ఉంటుంది. కాబట్టి ఆయన మొహం కనిపించే షాట్లు రెండూ తీసేశాం. ప్రదక్షిణ షాట్ వాటిలో ఒకటి. అక్షింతల షాట్‌లో ఆయన వీపే కనిపిస్తుంది, అది ఉంది, ఇప్పుడు అందరూ కుడి చేత్తోనే వేస్తున్నారు. ఆరు పోయి, తాతగారితో కలిపి అయిదు అయ్యాయి.

అమ్మమ్మ సినిమా రెండోసారి చూడలేదు. క్యాసెట్ మొత్తం కావాలంది. పాటలతో, గుండె బొమ్మలతో, ఏమీ తీయకుండా. పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాను. కొత్త టీవీలు 4:3 బొమ్మను అడ్డంగా సాగదీసి అందర్నీ లావుగా చూపిస్తాయి. పెద్దవాళ్ళు రిమోట్‌లో దాన్ని మార్చుకోలేరు. అందుకని 1920×1080 ఫ్రేములోనే అటూ ఇటూ నలుపు కలిపి ఫైలు తయారుచేస్తాను, టీవీకి సాగదీసే అవకాశం ఉండదు. నాలుగు రోజులకు మనవడి ఫోన్‌లోంచి ఆవిడే మాట్లాడింది.

"ఏం బాబూ, రెండు పక్కలా నల్లగా కోసేశారే?"

కోయలేదమ్మా, కెమెరా తీసిందే అంత అన్నాను.

"లేదు నాయనా, పందిరి ఇంకా అవతలకి ఉండేది. ఆ అరుగు మీద మా ఆడపడుచు అలిగి కూర్చుంది, పట్టుచీర తక్కువదని. అది ఎక్కడా రాలేదే?"

కెమెరామన్ అటువైపు తిప్పినట్టు లేడమ్మా అన్నాను.

"తెలివైనవాడు" అంది.